నా మొదటి ప్లెయింటులో ఇరవై రెండు జంట ‘ది’లు

నల్లగొండలో ఒక న్యాయవాది కార్యాలయంలో టైపిస్టుగా చేరిన మూడో నెలలో నేను మొదటిసారి ఒక ప్లెయింటును, అంటే దావా పత్రాన్ని, మొదటి నుంచి చివరి వరకు ఒంటరిగా టైప్ చేశాను. అప్పటివరకు వకాలత్‌లు, వాయిదా పిటిషన్లు, ఇతరులు టైప్ చేసిన అఫిడవిట్లలో పేర్లు మార్చడం వంటి పనులే నాకు ఇచ్చేవారు. ఆ దావా పత్రంలో నేను చేసిన తప్పులు, వాటిని దిద్దబోయి కొత్తగా చేసిన తప్పులు ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. కోర్టు కాగితాల టైపింగ్ కొత్తగా మొదలుపెట్టిన వారికి ఈ రెండు రకాల తప్పులే అన్నిటికంటే ముందు ఎదురవుతాయి. ఒకటి, ఒకే మాట పక్కపక్కన రెండుసార్లు పడటం. రెండోది, ఇంగ్లీషు వాక్యంలో ఉండవలసిన ఏ, ఆన్, ది అనే ఆర్టికల్స్ పడకపోవడం.

దావా దేవరకొండ వైపు ఒక గ్రామానికి చెందిన మహిళది. తల్లిదండ్రులు ఇద్దరూ వీలునామా రాయకుండానే చనిపోయారు. ఇద్దరు అన్నలు తండ్రి పేరున ఉన్న నాలుగు ఎకరాల ఇరవై గుంటల భూమిని తామే సాగు చేసుకుంటూ ఆమెకు భాగం ఇవ్వడం లేదు. వారసులు ముగ్గురు కాబట్టి తనకు మూడో వంతు, అంటే ఒక ఎకరం ఇరవై గుంటలు, పంచి ఇప్పించమని ఆమె కోరుతోంది. అంతకుమించి చిక్కులు లేని పార్టిషన్ దావా కనుకనే సార్ దాన్ని నాకు అప్పగించారు.

మా సార్ డిక్టేషన్ సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో ఉంటుంది. విషయాన్ని తెలుగులో చెప్పి, చట్టానికి సంబంధించిన మాటలను ఇంగ్లీషులో అంటారు. వాక్యాన్ని ఇంగ్లీషులో కూర్చుకోవలసింది టైపిస్టే. “వాది మృతుని లీగల్ హెయిర్” అని ఆయన అంటే నా వేళ్లు ఇలా కొట్టాయి:

```
Plaintiff is legal heir of deceased.
```

తెలుగు వాక్యంలో ఏ లోటూ లేదు. మన భాషలో ఆర్టికల్ అనే మాటే లేదు కాబట్టి, తెలుగులో విని ఇంగ్లీషులో కొట్టే వారికి అది ఎక్కడ జారిపోయిందో తెలియదు. ‘ఒక’ అనే మాటను మనం లెక్క చెప్పవలసినప్పుడో, కథ మొదలుపెట్టేటప్పుడో వాడతాం తప్ప ప్రతి నామవాచకం ముందూ పెట్టం. తొమ్మిది పేజీల ప్లెయింటు పూర్తయ్యేసరికి కొన్నిచోట్ల ఆర్టికల్స్ పడ్డాయి, కొన్నిచోట్ల పడలేదు. పాత ఫైళ్ల నుంచి తెచ్చి అతికించిన పేరాల్లో అవి సరిగ్గా ఉన్నాయి. నేను సొంతంగా కూర్చిన పేరాల్లో లేవు. చదివేవారికి ఏ పేరా ఎవరిదో ఇట్టే తెలిసిపోయేలా ఉంది.

మా కార్యాలయంలో టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసై, టైపుమిషన్ రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్న పెద్ద టైపిస్టు ఒకరున్నారు. ఆయనను అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన మొదటి పేజీ చూడగానే, “తమ్మీ, ప్లెయింటిఫ్ ముంగట ఒక దగ్గర ‘ది’ ఉన్నది, ఒక దగ్గర లేదు. ఏదో ఒక తీరు పెట్టు” అన్నారు. ఆ మాటలో ఒక సూక్ష్మం ఉంది, అది నాకు తర్వాత గాని అర్థం కాలేదు. ప్లెయింటిఫ్, డిఫెండెంట్ అనే మాటలను పేర్లలాగా పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, ముందు ఆర్టికల్ లేకుండా రాసే పద్ధతి కూడా ఉంది, అది తప్పు కాదు. అయితే ఒకే పత్రంలో రెండు పద్ధతులు కలిస్తే అది తప్పుగానే కనిపిస్తుంది. మా కార్యాలయంలో చిన్న అక్షరంతో, ముందు ‘ది’తో రాసే పద్ధతి నడుస్తోంది కాబట్టి నేను దానికే మార్చాలనుకున్నాను.

అక్కడే నా తెలివి ఎక్కువైంది. నలభై చోట్ల చూసి దిద్దడం ఎందుకని `Ctrl+H` నొక్కి, పై గడిలో `plaintiff` అని, కింది గడిలో `the plaintiff` అని కొట్టి, `Replace All` నొక్కాను. నలభై చోట్ల మార్చినట్లు తెర మీద సందేశం వచ్చింది. సంతోషంగా ప్రింటు తీశాను. మరునాడు ఆమె వచ్చి ప్రతి పేజీ కింద, వెరిఫికేషన్ కింద, అఫిడవిట్ మీద సంతకాలు చేసి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. సాయంత్రం సార్ ఫైలింగ్‌కు ముందు చివరిసారి చదువుతూ మూడో పేజీ దగ్గర ఆగి, “ఇదేంది, ప్రతి లైన్ల ‘ది ది’ అని నత్తి కొడుతున్నది?” అన్నారు.

జరిగింది ఏమిటో ఆ రాత్రి కూర్చొని లెక్క తేల్చాను. నలభై చోట్లలో నిజంగా ఆర్టికల్ లేనివి పదమూడే. మరో ఇరవై రెండు చోట్ల ‘ది’ అప్పటికే ఉంది. కంప్యూటర్ దాని పక్కన ఇంకొకటి చేర్చింది. మిగిలిన అయిదు చోట్ల అసలు చేర్చకూడదు. కాజ్ టైటిల్‌లో పేరు, చిరునామాల తర్వాత కుడివైపున ‘ప్లెయింటిఫ్’ అని ఒంటరిగా వచ్చే మాట, సంతకాల కింద వచ్చే అదే మాట, దస్తావేజుల జాబితాలోనూ వెనుక డాకెట్ మీదా వచ్చేవి అలాంటివి. అవి వాక్యాలు కావు, ఎవరు ఏ పక్షమో చూపే గుర్తులు. వాటి ముందు ఆర్టికల్ అక్కరలేదు. పదమూడు తప్పులను దిద్దబోయి ఇరవై ఏడు కొత్త తప్పులను పుట్టించానన్న మాట.

డిఫెండెంట్ల విషయంలో కూడా అదే పని చేసి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది. ‘మొదటి ప్రతివాది’ అనే అర్థంలో అంకె ముందు వస్తే ఆర్టికల్ ఉండాలి. ‘ప్రతివాది నంబరు 1’ అనే పద్ధతిలో అంకె వెనుక వస్తే ఉండకూడదు. ఆ రెండింటినీ పక్కపక్కన రాసి చూస్తే తేడా తెలుస్తుంది:

```
the 1st defendant
Defendant No.1
```

నా ప్లెయింటులో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. అదృష్టవశాత్తు అప్పటికి పొద్దుపోయి, డిఫెండెంట్ల జోలికి వెళ్లలేదు.

జంట మాటలు నా కంటికి ఎందుకు కనిపించలేదన్నది మరో ప్రశ్న. వర్డ్‌లో ఒకే మాట రెండుసార్లు పడితే కింద ఎర్ర గీత గీసే ఏర్పాటు ఉంది. కానీ మా కంప్యూటర్‌లో దాన్ని ఎప్పుడో తీసేశారు. మన కాగితాల నిండా ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ఉంటాయి. వాటన్నిటి కింద ఎర్ర గీతలు వస్తుంటే కళ్లు చెదురుతున్నాయని ఆపేశారట. అలా ఆపేయడంతో జంట మాటల హెచ్చరిక కూడా పోయింది. ఇక ప్రింటు మీద చదివినప్పుడు, నేను కొట్టిన వాక్యం నాకు ముందే తెలుసు కాబట్టి కన్ను అర్థం వెంట పరుగెత్తిందే గాని అక్షరాల వెంట నడవలేదు. ముఖ్యంగా మొదటి ‘ది’ ఒక లైను చివర, రెండోది మరుసటి లైను మొదట పడినచోట ఎంత చూసినా దొరకలేదు.

అన్న చెప్పిన ఒక సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. టైపుమిషన్ మీద లైను చివర గంట మోగగానే క్యారేజీని వెనక్కి తోసేవారు. ఆ తోపులో ఆఖరి మాట కొట్టామా లేదా అన్న అనుమానంతో చేయి దాన్నే మళ్లీ కొట్టేది. అందుకని ఆ కాలంలో జంట మాటలను వెతకాలంటే లైను చివరలూ మొదళ్లూ చూస్తే దాదాపు సరిపోయేదట. ఇప్పుడు లైను దానంతట అదే తిరుగుతుంది. జంట మాటలు పుట్టేది వాక్యంలో ఒక ముక్క తీసి మరొకటి అతికించినచోట, లేదా నాలాగా మూకుమ్మడిగా మార్చినచోట. అది లైను మధ్యలోనైనా కావచ్చు.

మరునాడు ఉదయం దిద్దుబాటు మొదలైంది. అన్న మళ్లీ `Ctrl+H` తెరిచి, `More` నొక్కి, `Use wildcards` అనే గడిలో టిక్కు పెట్టి, `Find what` గడిలో ఇది కొట్టమన్నారు:

```
(<[A-Za-z]@) \1>
```

చూడటానికి మంత్రంలా ఉన్నా దీని పని సులువైనదే. బ్రాకెట్‌లో ఉన్నది ఏదైనా ఒక ఇంగ్లీషు మాట. తర్వాత ఒక ఖాళీ. చివరనున్న `\1` అంటే బ్రాకెట్‌లో దొరికిన మాటే మళ్లీ. అలా ఏ మాటైనా వెంటనే తిరిగి వచ్చినచోట అది ఆగుతుంది. లైను మారినా దీనికి అడ్డు లేదు, ఎందుకంటే తెర మీద లైను తిరగడం కంటికే గాని ఫైలులో అక్కడ ఉన్నది మామూలు ఖాళీ మాత్రమే. కింది గడిలో ఏమీ కొట్టకుండా, `Find Next` మాత్రమే నొక్కుతూ పోవాలని, ఈసారి `Replace All` వైపు చూడవద్దని అన్న గట్టిగా చెప్పారు.

అది పంతొమ్మిది చోట్ల ఆగింది. కావలసింది ఇరవై రెండు ‘ది ది’లు కదా, అందులోనూ దొరికినవాటిలో మూడు వేరే మాటలు, అంటే ‘ది ది’లు పదహారే దొరికాయి. మిగిలిన ఆరూ వాక్యం మొదట ఉన్నవి. అక్కడ మొదటి ‘ది’ పెద్ద అక్షరంతో, రెండోది చిన్న అక్షరంతో ఉన్నాయి. ఈ పద్ధతిలో వెతికినప్పుడు పెద్ద, చిన్న అక్షరాలను వేర్వేరుగా లెక్కిస్తుంది కాబట్టి వాటిని దాటిపోయింది. టిక్కు తీసేసి, మామూలుగా `the the` అని వెతికితే ఆ ఆరూ దొరికాయి. రెండు రకాలుగానూ వెతకాలన్నది నేను ఆ రోజు నేర్చుకున్నాను.

ఆ మూడు వేరే మాటల దగ్గరే అసలు పాఠం ఉంది. ఒకటి మామూలు జంట, ఒక మాట కొట్టేస్తే సరిపోయింది. రెండోది ఇలా ఉంది:

```
1/3rd share in in schedule property
```

నేను వెంటనే ఒక ‘ఇన్’ కొట్టేయబోతే అన్న చేయి పట్టుకున్నారు. “ఒకటి తీసేస్తే ఇంకేమన్న తక్కువైతదా, అది చూడు ముందుగాల” అన్నారు. తీసేస్తే షెడ్యూల్ ఆస్తి ముందు ఆర్టికల్ లేకుండా పోతుంది. అంటే నేను ‘ది’ కొట్టవలసినచోట పరధ్యానంగా ‘ఇన్’నే మళ్లీ కొట్టాను. జంటగా పడిన రెండో మాట చాలాసార్లు ఎక్కువైన మాట కాదు, మరో మాట కుర్చీలో కూర్చున్న మాట. కాబట్టి జంట కనిపించగానే ఒకదాన్ని కొట్టేయడం కాక, రెండోదాని స్థానంలో ఏమి ఉండాలో వాక్యమంతా చదివి చూడాలి. దాన్ని ఇలా దిద్దాం:

```
1/3rd share in the schedule property
```

మూడోది ఇంకా తమాషాగా ఉంది. భూమి విస్తీర్ణం గురించిన వాక్యంలో ‘దట్’ రెండుసార్లు వచ్చింది:

```
submits that that extent was never divided
```

ఇది అసలు తప్పే కాదు. మొదటి ‘దట్’ తెలుగులోని ‘అని’ లాంటిది, రెండోది ‘ఆ’ విస్తీర్ణం అని చూపేది. ఒకటి కొట్టేస్తే వాక్యం కుంటుతుంది. ఉంచితే చదివేవారికి తప్పులా కనిపిస్తుంది. అందుకే సార్‌ను అడిగి రెండోదాని బదులు ‘ది సెయిడ్’ అని మార్చాం. గతం చెప్పేటప్పుడు ‘హాడ్ హాడ్’ అని కూడా ఇలాగే సరిగ్గానే రావచ్చు. తెలుగు దస్తావేజుల్లోనైతే ‘వేరు వేరు’ వంటివి సహజంగానే జంటగా ఉంటాయి కనుక అక్కడ కంప్యూటర్ వెతుకులాటకు అంత విలువ లేదు. ‘సదరు సదరు’ వంటి తప్పును మనిషి కన్నే పట్టాలి.

జంటలు అయిపోయాక ఆర్టికల్స్ దగ్గరికి వచ్చాం. ప్లెయింటిఫ్ ముందు లేని పదమూడూ అప్పటికే పడ్డాయి, అక్కరలేని అయిదూ తీసేశాం. కానీ మొదట చెప్పిన వారసురాలి వాక్యాన్ని నేను మొదటి ప్రింటు తీయకముందే చేత్తో దిద్దాను, అది ఇలా తయారైంది:

```
The plaintiff is the legal heir of the deceased.
```

నాకు ఇందులో తప్పు కనిపించలేదు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు కూడా. సార్ మాత్రం ‘ది ది’లు చూసి నవ్విన మనిషి దీన్ని చూసి నవ్వలేదు. లీగల్ హెయిర్ ముందు ‘ది’ పెడితే, మృతునికి వారసురాలు ఈమె ఒక్కతే అనే అర్థం వస్తుంది. ఆ తర్వాతి పేరాలోనే అన్నలిద్దరూ కూడా వారసులని, తనకు మూడో వంతు మాత్రమే కావాలని ఆమె చెబుతోంది. ఒకే పత్రంలో ఒక మాట మరో మాటకు ఎదురు తిరిగింది. ఇక్కడ ఉండవలసింది ‘ఏ’:

```
The plaintiff is a legal heir of the deceased.
```

వారసుల్లో ఈమె ఒకరు అని దీని అర్థం. జంట ‘ది’ వల్ల ఏ కేసూ పోదు. చదివేవారు విసుక్కుంటారంతే, అర్థం మారదు. ఆర్టికల్ లేకపోయినా జడ్జిగారు పత్రమంతా కలిపి చదివి అర్థం చేసుకుంటారు. కానీ ‘ఏ’ ఉండవలసినచోట ‘ది’ పడితే అది ఒక కొత్త విషయాన్ని చెప్పినట్లవుతుంది. ఎదుటి న్యాయవాది క్రాస్‌లో ఆ వాక్యాన్ని ముందుపెట్టి, “నీవొక్కదానివే వారసురాలినని నీ ప్లెయింటులో రాసుకున్నావు కదా” అని అడగవచ్చు. దావా వేశాక దాన్ని మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్ వేయాలి. విచారణ మొదలయ్యాక అది మరీ కష్టం. ఎంత శ్రద్ధ పెట్టినా అంతకుముందు అడగలేకపోయామని కోర్టును ఒప్పించాలి. లేని ఆర్టికల్ కంటే తప్పుగా పెట్టిన ఆర్టికల్ ప్రమాదమని నేను అనుకోవడానికి కారణం ఈ వాక్యమే. కొత్తవారు తప్పులు దిద్దే ఉత్సాహంలో ఖాళీగా కనిపించిన ప్రతిచోటా ‘ది’ వేసుకుంటూ పోతారు, నేనూ అదే చేశాను.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి చిన్నది. ప్రతి మనిషి, ప్రతి ఆస్తి గురించి రాసేటప్పుడు, అలాంటివి ఇంకా ఉన్నాయా, ఇదొక్కటేనా అని అడుగుతాను. ఇంకా ఉంటే, అది మొదటిసారి వస్తే ‘ఏ’ లేదా ‘ఆన్’. ఒక్కటే అయినా, ముందే చెప్పినదైనా ‘ది’. ఏ, ఆన్‌లలో ఏది పెట్టాలన్నది అక్షరాన్ని బట్టి కాక పలుకును బట్టి తేల్చుకోవాలి. పై వాక్యంలో లీగల్ అనే మాట తీసేస్తే హెయిర్ ముందు ‘ఆన్’ రావాలి, ఎందుకంటే అందులో మొదటి అక్షరం పలకదు. పొడి అక్షరాల్లో నేను ఎన్నిసార్లు తప్పానో చెప్పలేను. ఎఫ్‌ఐఆర్, ఎమ్మార్వో, ఎస్‌హెచ్‌వో అన్నిటికీ ముందు ‘ఆన్’ రావాలి. రాసేది హల్లే అయినా పలికేది ‘ఎ’తో మొదలవుతుంది. ఇక ఊరి పేరు, జిల్లా పేరు ముందు ఏదీ వద్దు. ఒకసారి అతి జాగ్రత్తతో నల్లగొండ ముందు కూడా ‘ది’ పెట్టి అన్న చేత చీవాట్లు తిన్నాను.

దిద్దిన ప్రతిని ఈసారి నేను ఒంటరిగా చదవలేదు. కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీల మీద నకలు చేసినవారు ఒకరు, సరిచూసినవారు ఒకరు అని వేర్వేరుగా సంతకాలుంటాయి. ఆ పద్ధతి ఊరికే రాలేదు. అన్న ప్రింటు పట్టుకొని ఒక్కో మాటను, ‘ఏ’నూ ‘ది’నీ కూడా వదలకుండా పైకి చదివారు, నేను తెర మీద వేలు పెట్టి అనుసరించాను. తొమ్మిది పేజీలకు ముప్పావు గంట పట్టింది. మొదటి రోజే నలభై చోట్లనూ ఒక్కొక్కటిగా చూసి ఉంటే పది నిమిషాల్లో అయ్యేది.

ప్రింటు మారింది కాబట్టి పాత సంతకాలు పనికిరావు. రెండు మూడు దిద్దుబాట్లయితే పెన్నుతో కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టించవచ్చు గాని, ప్రతి పేజీలో నాలుగైదు చోట్ల గీతలుంటే ఆ ప్రతిని ఇవ్వడం బాగుండదని సార్ అన్నారు. ఆమెకు ఫోన్ చేసి మళ్లీ రమ్మనవలసి వచ్చింది. పత్తి ఏరే రోజుల్లో ఒక కూలి దినం, రానుపోను బస్సు చార్జీ నా `Replace All` వల్ల ఆమెకు నష్టమయ్యాయి. వచ్చి సంతకాలు చేస్తూ, “మొన్నటి దాంట్ల ఏం తప్పు పోయింది సారూ?” అని అడిగారు. సార్ నా వైపు చూశారు. “మీరొక్కరే వారసులని పడ్డదమ్మా” అని నేనే చెప్పాను. “అట్ల పడ్డా మంచిగనే ఉండు గదా” అని ఆమె నవ్వి, తర్వాతి పేజీ తిప్పారు. చార్జీ డబ్బులు నేను ఇవ్వబోతే తీసుకోలేదు.

దావాకు నంబరు పడ్డాక మా ఫైలు ప్రతిని చూస్తుంటే ఎనిమిదో పేజీ షెడ్యూల్‌లో ‘ఆఫ్’ రెండుసార్లు కనిపించింది. షెడ్యూల్‌లో లైన్లు ఒకదాని కింద ఒకటి రావడానికి నేను ప్రతి లైను చివర ఎంటర్ నొక్కాను. మొదటి ‘ఆఫ్’ తర్వాత ఉన్నది ఖాళీ కాదు, ఎంటర్; అందుకే వెతుకులాటకు దొరకలేదు. చదివేటప్పుడు కూడా అన్న లైను మారగానే ఊపిరి తీసుకొని దాన్ని దాటేసి ఉంటారు. సార్‌కు చూపిస్తే, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు సరిగ్గా ఉన్నాయి కదా, దీనికి సవరణ అక్కరలేదన్నారు. అది కోర్టు ఫైలులో ఇప్పటికీ అలాగే ఉంది.